ఇంటి లెక్క: అయిదు యూనిట్లకు రెండు వందల యాభై రూపాయలు ఎట్లయింది?

2023 జులైలో ఒక ఆదివారం పొద్దున, మా వీధి చివరింట్లో ఉండే అక్క రెండు కరెంటు బిల్లులు చేతిలో పట్టుకొని వచ్చింది. ఒకటి ఆమెది, రెండోది ఆమె తోడికోడలిది. రెండు ఇళ్ళూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. రెండింట్లోనూ మిల్లుకు పోయే మగవాళ్ళు, బడికి పోయే పిల్లలు, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు, ఒక టీవీ.

"అన్నా, నువ్వు మిల్లులో ఎలక్ట్రీషియన్ పని చేసినోనివి. ఈ మీటరు చూసి చెప్పు. ఆమెది 98 యూనిట్లంట, నాది 103 అంట. ఆమె కట్టేది నాలుగు వందల చిల్లర, నేను కట్టేది ఏడు వందల చిల్లర. అయిదు యూనిట్లకే ఇంత తేడానా? నా మీటరు పిచ్చిగా తిరుగుతా ఉంది" అనింది.

పోయి మీటరు చూసినాను. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపితే మీటరు లైటు కొట్టుకోవడం ఆగిపోయింది. అంటే ఎక్కడా లీకేజీ లేదు. ఇస్త్రీ పెట్టె ఒకటే వేసి చూస్తే దానికి తగినట్టే తిరిగింది. మీటరు బాగానే ఉంది. బిల్లులో కూడిక, గుణింతం కూడా బాగానే ఉన్నాయి. తప్పు ఎక్కడా లేదు. అయినా అక్క అడిగిన మాట మాత్రం న్యాయమైనదే. ఆమెకు ఆ రోజు కాగితం మీద వేసి చూపించిన లెక్కనే ఈ నెల మీకూ చెప్తాను. అది ఇప్పటికీ మన ఇండ్లలో జగడాలు పెడుతూనే ఉంది కాబట్టి.

ముందు ఆ సంవత్సరం ఏమైందో చెప్పాలి. కర్ణాటకలో కరెంటు ధర నిర్ణయించేది కరెంటు సరఫరా చేసే సంస్థ కాదు, విద్యుత్ నియంత్రణ కమిషన్. మన తొండేభావికి కరెంటు ఇచ్చేది బెస్కామ్. కమిషన్ రాసిన ధర ప్రకారం బెస్కామ్ బిల్లు వేస్తుంది. అంతకు ముందు ఇంటి కరెంటుకు నాలుగు స్లాబులు ఉండేవి: 50 దాకా ఒక ధర, 51 నుంచి 100 దాకా ఒకటి, 101 నుంచి 200 దాకా ఒకటి, ఆ పైన ఇంకొకటి. 2023 మే 12న కమిషన్ కొత్త ఆర్డరు ఇచ్చింది. నాలుగు స్లాబులు తీసేసి రెండే పెట్టింది. 100 యూనిట్ల లోపు వాడితే యూనిట్‌కు 4 రూపాయల 75 పైసలు. 100 దాటితే యూనిట్‌కు 7 రూపాయలు. ఇక్కడిదాకా అందరూ పేపర్లలో చూసినారు. చూడకుండా వదిలేసింది ఒక్క మాట: 100 దాటితే 7 రూపాయలు "అన్ని యూనిట్లకూ". దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచీ.

ఇప్పుడు అక్క బిల్లు వేద్దాం. ఫిక్స్‌డ్ ఛార్జి, పన్ను, ఇంధనం సర్దుబాటు లాంటివి పక్కన పెట్టి, వాడిన కరెంటుకు మాత్రమే వేస్తాను. తోడికోడలిది 98 యూనిట్లు. 98ని 4.75తో గుణిస్తే 465 రూపాయల 50 పైసలు. అక్కది 103. 103ని 7తో గుణిస్తే 721 రూపాయలు. తేడా 255 రూపాయల 50 పైసలు. అయిదు యూనిట్ల తేడాకు అంత.

"అట్లయితే నాకు మొదటి నూరు యూనిట్లు 4.75కే ఇచ్చి, మీద మూడు యూనిట్లకు 7 వెయ్యాల గదా?" అని అక్క అడిగింది.

ఆమె అన్న పద్ధతి కూడా ఉంది. అట్ల వేస్తే నూరు యూనిట్లకు 475, మూడు యూనిట్లకు 21, మొత్తం 496 రూపాయలు. అదే ఇల్లు, అదే మీటరు, అదే 103 యూనిట్లు, అవే రెండు ధరలు. ఒక పద్ధతిలో 496, ఇంకో పద్ధతిలో 721.

ఈ రెండింటికీ నేను పెట్టుకున్న పేర్లు మెట్ల లెక్క, గంప లెక్క.

మెట్ల లెక్కలో మనం వాడిన యూనిట్లను ముక్కలుగా కోస్తారు. మొదటి ముక్కకు మొదటి మెట్టు ధర, రెండో ముక్కకు రెండో మెట్టు ధర. పైమెట్టు ఎక్కినా కింద మెట్టు మీద కట్టినది మారదు. కరెంటు వాళ్ళు దీన్ని టెలిస్కోపిక్ అంటారు, కంపెనీల బిల్లింగులో గ్రాడ్యుయేటెడ్ అంటారు. గంప లెక్కలో ముక్కలు చెయ్యరు. మొత్తం ఎంత వాడినామో చూసి, ఆ మొత్తం ఏ స్లాబులో పడుతుందో చూసి, గంపనంతా ఆ ఒక్క ధరకే తూస్తారు. కరెంటు వాళ్ళకు ఇది నాన్ టెలిస్కోపిక్, కంపెనీలకు వాల్యూమ్.

మెట్ల లెక్క ఎట్లుంటుందో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. రైలెక్కితే హిందూపురం. అక్క పెద్దకూతురిని ఆ ఊరికే ఇచ్చినారు. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ నుంచి ఇంటి కరెంటుకు అమలైన ధరలు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, ఆ పైన ఇంకా ఎక్కువ. ఆ ధరలకు 126 యూనిట్లు వాడిన ఇంటి బిల్లు వేస్తే: 30 యూనిట్లకు 57, తర్వాతి 45 యూనిట్లకు 135, తర్వాతి 50 యూనిట్లకు 225. ఇక్కడికి 125 యూనిట్లు, 417 రూపాయలు. ఆఖరి ఒక్క యూనిట్‌కు 6. మొత్తం 423.

చూడండి, 126వ యూనిట్ కొత్త స్లాబులో పడింది. అయినా బిల్లు పెరిగింది ఆరు రూపాయలే. ఇదే ధరల పట్టికను గంప లెక్కలో చదివితే 126ని 6తో గుణించి 756 అని వస్తుంది. ధరల పట్టికలో ఒక్క అంకె మారలేదు, చదివే పద్ధతి మారింది, 333 రూపాయలు పెరిగింది. అందుకే "మా ఊర్లో యూనిట్ రేటు ఇంత, మీ ఊర్లో ఎంత" అని అడిగితే సగం సంగతే తెలుస్తుంది. "స్లాబు దాటితే దాటినదానికే వేస్తారా, అన్నిటికీ వేస్తారా" అని కూడా అడగాల.

ఆంధ్రాలో కూడా ఎప్పుడూ ఇట్లే లేదు. 2022కు ముందు అక్కడ ఎ, బి, సి అని గ్రూపులు ఉండేవి. నెలకు 75 యూనిట్ల లోపు అయితే ఎ గ్రూపు, 225 దాకా బి, ఆ పైన సి. గ్రూపు లోపల మెట్లు ఉన్నా, గ్రూపు మారితే మొదటి యూనిట్ ధరే మారిపోయేది. అంటే మెట్లూ గంపా కలిసిన లెక్క. 2022లో గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్లు పెట్టినారు.

ఇప్పుడు మన 2023 లెక్కకే వద్దాం. అక్కకు నేను ఒక చిన్న పట్టిక రాసి చూపించినాను. 100 యూనిట్లకు రెండు పద్ధతుల్లోనూ 475. 101 యూనిట్లకు మెట్ల లెక్క 482, గంప లెక్క 707. తేడా 225. 150 యూనిట్లకు మెట్ల లెక్క 825, గంప లెక్క 1050. తేడా 225. 200 యూనిట్లకు 1175, 1400. మళ్ళీ తేడా 225.

ఎక్కడ చూసినా అదే 225 ఎందుకు వస్తుందంటే, మొదటి నూరు యూనిట్ల మీద యూనిట్‌కు 2 రూపాయల 25 పైసల తగ్గింపు ఉండింది. 100 గీత దాటగానే ఆ తగ్గింపు అంతా ఒక్కసారిగా వెనక్కి తీసుకున్నారు. నూరు యూనిట్లకు 2.25 చొప్పున 225. అంతకన్నా ఇందులో మర్మమేమీ లేదు. కానీ ఈ 225 ఎవరికి బరువో చూడండి. 500 యూనిట్లు వాడే మేడ ఇంటికి 3500 బిల్లులో 225 లెక్కలోకి రాదు. 101 యూనిట్లు వాడే ఇంటికి అదే 225 దాదాపు బిల్లులో సగం పెంపు. గీతకు కొంచెం అవతల ఉన్నవాడి మీదే దెబ్బ గట్టిగా పడుతుంది. మన లైన్లలో చాలా ఇండ్లు ఉండేది ఆ గీత దగ్గరే.

గంప లెక్క పెట్టేవాళ్ళ వైపు కూడా ఒక న్యాయం ఉంది, అది కూడా చెప్పాల. మెట్ల లెక్కలో 500 యూనిట్లు వాడే ఇంటికి కూడా మొదటి నూరు యూనిట్లు తక్కువ ధరకే పోతాయి. ఏసీ పెట్టుకున్నోనికి తగ్గింపు ఎందుకు, తక్కువ వాడే పేదింటికి మాత్రమే ఇద్దాం అనుకుంటే గంప లెక్క ఆ పని చేస్తుంది. బిల్లు కూడా ఒకే వరుసలో అయిపోతుంది. ఇబ్బంది ఏమంటే, గీత ఎక్కడో ఒకచోట గియ్యాల, గీతకు అటూ ఇటూ ఉండే ఇద్దరూ నిజానికి ఒకే రకం మనుషులు.

గంప లెక్కలో ఇంకొక గమ్మత్తు ఉంది. ఒకే ఇల్లు, రెండు నెలలకు కలిపి ఒకే వాడకం, అయినా బిల్లు మారిపోతుంది. ఒక ఇల్లు రెండు నెలల్లో 200 యూనిట్లు వాడింది అనుకుందాం. రీడింగు సరిగ్గా తీసి నెలకు 100, 100 పడితే 475, 475, మొత్తం 950. అదే ఒక నెల రీడింగు ముందుగా తీసి 90 రాసి, మరుసటి నెల 110 రాస్తే? మొదటి నెల 427.50. రెండో నెల 110ని 7తో గుణించి 770. మొత్తం 1197.50. కరెంటు ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చలేదు, 247 రూపాయల 50 పైసలు ఎక్కువ. మెట్ల లెక్క అయితే ఆ 110 యూనిట్ల నెలకు 545, రెండు నెలలకు 972.50. తేడా 22.50తో పోయేది. కాబట్టి గంప లెక్క ఉన్న చోట రీడింగు తేదీకి విలువ ఎక్కువ. ఇంటికి తాళం వేసి ఊరికి పోయినప్పుడు, రీడింగు తీసే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు, నష్టం వచ్చేది ఇక్కడే. బిల్లు మీద ముందటి రీడింగు తేదీ, ఇప్పటి రీడింగు తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కబెట్టండి. 30 కాకుండా 34 ఉంటే, స్లాబు గీతను కూడా ఆ రోజులకు తగినట్టు జరిపినారా లేదా అని ఆఫీసులో అడగండి. తేదీలు చూపించి అడిగితే వాళ్ళూ చూసి చెప్పడానికి వీలవుతుంది.

ఇంకా పెద్ద జగడం బాడుగ ఇండ్లది. ఒక కాంపౌండులో రెండు కాపురాలు, ఒకటే మీటరు. చెరి 60 యూనిట్లు వాడినారు. వేరే వేరే మీటర్లు ఉంటే ఒక్కొక్కరికి 60ని 4.75తో గుణించి 285, ఇద్దరికీ కలిపి 570. ఒకటే మీటరు కాబట్టి 120 యూనిట్లు, 100 దాటింది, 120ని 7తో గుణించి 840. ఇద్దరూ తక్కువ వాడేవాళ్ళే. మీటరు మాత్రం వాళ్ళను ఒక పెద్ద వాడకందారుగా చూసింది. 270 రూపాయలు ఎక్కువ. అప్పుడు ఇంటాయన "మీ ఫ్రిజ్జు వల్లే ఇంత వచ్చింది" అంటాడు, బాడుగ మనిషి "మీ మోటారు వల్ల" అంటాడు. ఇద్దరిదీ కాదు తప్పు. ఒకే గంపలో ఇద్దరి సరుకు వేసినందుకు వచ్చిన బాధ అది. సబ్ మీటరు పెట్టుకుంటే ఎవరెంత వాడినారో తెలుస్తుంది గానీ, ఆఫీసు బిల్లు తగ్గదు. ఎందుకంటే ఆఫీసు చూసేది పెద్ద మీటరునే. సబ్ మీటరు ఉంటే మొత్తం బిల్లును యూనిట్ల వంతున పంచుకోవడం ఒక్కటే న్యాయమైన దారి. "నాది 60 యూనిట్లే, నేను 285 ఇస్తా, మిగతాది నువ్వు కట్టుకో" అంటే రెండో వాని మీద 555 పడుతుంది, వాడూ 60 యూనిట్లే వాడినాడు.

సరే, ఇది 2023 నాటి మాట. ఆ 100 గీత ఎక్కువ రోజులు లేదు. 2024 ఏప్రిల్ నుంచి కమిషన్ ఇంటి కరెంటుకు స్లాబులే తీసేసింది. ఎన్ని యూనిట్లు వాడినా యూనిట్‌కు ఒకటే ధర, అప్పుడు 5 రూపాయల 90 పైసలు. ఒకటే ధర ఉంటే మెట్లూ లేవు, గంపా లేదు, రెండు లెక్కలూ ఒకటే జవాబు ఇస్తాయి. తర్వాత ధర కొంచెం మారింది గానీ ఒకటే ధర అన్న పద్ధతి తెలిసింది కదా.

అయితే జగడం పోయిందా? పోలేదు. గీత 100 దగ్గర నుంచి 200 దగ్గరికి జరిగింది. అది గృహజ్యోతి గీత.

గృహజ్యోతి 2023 జులై వాడకం నుంచి మొదలైంది. "200 యూనిట్లు ఉచితం" అని అందరి నోట్లో నానింది. కానీ అది అందరికీ 200 కాదు. 2022-23లో ఆ ఇల్లు నెలకు సగటున ఎన్ని యూనిట్లు వాడిందో చూసి, దాని మీద నూటికి పది కలిపి, అంత వరకే ఉచితం. సగటు 120 ఉన్న ఇంటికి 12 కలిపి 132 యూనిట్లు. మరీ తక్కువ వాడే ఇండ్లకు నూటికి పది కలిపితే నాలుగు యూనిట్లు కూడా రావని, 2024లో నెలకు 48 యూనిట్ల లోపు సగటు ఉన్నవాళ్ళకు పది యూనిట్లు కలిపేట్టు మార్చినారు.

ఇప్పుడు చూడండి, ఈ ఒక్క పథకంలోనే మన రెండు లెక్కలూ ఉన్నాయి. 132 దాటి 200 లోపు వాడితే, దాటిన యూనిట్లకే డబ్బు కట్టాల. ఇది మెట్ల లెక్క. 200 దాటితే మాత్రం ఉచితం అంతా పోయి మొదటి యూనిట్ నుంచీ కట్టాల. ఇది గంప లెక్క.

పోయిన నెల మా లైన్లో ఒక పిల్లోడు వచ్చి అడిగినాడు: "మామా, పోయిన నెల 198 యూనిట్లకు తక్కువ వచ్చింది, ఈ నెల 204కు పన్నెండు వందలు వచ్చింది. పథకం తీసేసినారా?" వాళ్ళ ఇంటి అర్హత 132. 5.90 ధరకే వేసి చూపించినాను. 198లో 132 తీసేస్తే 66. 66ని 5.90తో గుణిస్తే 389 రూపాయల 40 పైసలు. 204 దగ్గర తీసేసేది ఏమీ లేదు. 204ని 5.90తో గుణిస్తే 1203 రూపాయల 60 పైసలు. ఆరు యూనిట్లకు 814 రూపాయల 20 పైసలు. పథకం ఎవరూ తీసేయలేదు. ఆ నెలకు వాళ్ళే గీత దాటినారు.

ఆరు యూనిట్లంటే ఎంత? వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక గంట కాలితే ఒక యూనిట్. నీళ్ళు కాచే రెండు వేల వాట్ల గీజరు మూడు గంటలు కాలితే ఆరు యూనిట్లు. నెల మొత్తంలో మూడు గంటల గీజరు. అదే 75 వాట్ల ఫ్యాను అయితే ఆరు యూనిట్లకు 80 గంటలు తిరుగుతుంది. అంటే గీత దగ్గరికి వచ్చినప్పుడు ఫ్యాను ఆపి పిల్లల్ని ఉక్కపోతలో పడుకోబెట్టే అవసరం లేదు. వేడి చేసే వస్తువు ఒకటి నాలుగు రోజులు ఆపితే చాలు. గీత దాటిపోయిన తర్వాత మాత్రం ఆపి లాభం తక్కువ, అప్పటికే పోవలసింది పోయింది, ఇక మిగిలేది యూనిట్‌కు ఒక ధరే.

గంప లెక్క ఎప్పుడూ మనకు ఎదురే కొడుతుందనుకోవద్దు. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగితే అది మనకు నష్టం. ధర తగ్గే చోట అదే లెక్క మనకు లాభం. జిరాక్సు అంగట్లో 100 కాపీల దాకా ఒక్కోటి 2 రూపాయలు, 100 దాటితే అన్నీ రూపాయిన్నర అని బోర్డు ఉందనుకోండి. 90 కాపీలకు 180 రూపాయలు. 101 కాపీలకు 151 రూపాయల 50 పైసలు. ఎక్కువ తీస్తే తక్కువ బిల్లు! అందుకే నేను గణేశ పండగ కరపత్రం 90 కావాలంటే 101 వేయిస్తా. అంగడాయన "దాటినవాటికే రూపాయిన్నర" అంటే 101వ కాపీకి మాత్రమే తగ్గుతుంది, మొత్తం 201.50 అవుతుంది. కాబట్టి ముందే అడగాల.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని చేసే మన పిల్లలకు ఇది బాగా తెలిసిన సంగతే. వాడినంత డబ్బు కట్టే నెట్ సర్వీసులన్నీ ఇట్లనే స్లాబులు పెడతాయి. బిల్లులు వేసే స్ట్రైప్ అనే సంస్థ సాఫ్ట్‌వేర్‌లో `tiers_mode` అనే ఒక గడి ఉంటుంది. అందులో `graduated` అని రాస్తే మెట్ల లెక్క, `volume` అని రాస్తే గంప లెక్క. పట్టిక అదే, ధరలు అవే. ఆ ఒక్క మాట మారితే కొనుగోలుదారు బిల్లు మారిపోతుంది. అక్క, తోడికోడలు అడిగిన ప్రశ్ననే అక్కడ పెద్ద పెద్ద కంపెనీలు కూడా అడుగుతా ఉంటాయి.

మీ చేతిలో ఉన్న బిల్లు ఏ లెక్కదో కనుక్కోవడానికి ఒక సులువు చెప్తా. కరెంటు ఛార్జి అని రాసిన మొత్తాన్ని మాత్రమే తీసుకోండి, ఫిక్స్‌డ్ ఛార్జీ, పన్నూ కలపొద్దు. దాన్ని యూనిట్లతో భాగించండి. వచ్చిన జవాబు ధరల పట్టికలో ఉండే ఒక ధరకు సరిగ్గా సరిపోతే అది గంప లెక్క, లేదంటే అందరికీ ఒకటే ధర. రెండు ధరల మధ్యలో ఎక్కడో పడితే అది మెట్ల లెక్క. అక్క బిల్లు 721ని 103తో భాగిస్తే సరిగ్గా 7 వచ్చింది. హిందూపురం బిల్లు 423ని 126తో భాగిస్తే 3 రూపాయల 36 పైసలు వచ్చింది, ఆ ధర పట్టికలో ఎక్కడా లేదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: వాడకం మొదటి స్లాబు లోపలే ఉంటే రెండు లెక్కలూ ఒకటే జవాబు ఇస్తాయి, తేడా తెలియదు. గీత దాటిన నెల బిల్లు తీసుకొనే చూడాల.

కొత్త ధరలు వచ్చినప్పుడు పేపర్లో అంకెలు చూసి వదిలేయకండి. పక్కన "అన్ని యూనిట్లకూ" అని ఉందా, "ఆ పైన యూనిట్లకు" అని ఉందా చూడండి. కన్నడ కాగితంలో అయితే "ఎల్లా యూనిట్‌గళిగె" అన్న మాట వెతకండి. నూరో యూనిట్ ఏ వైపు వస్తుందో కూడా అక్కడే ఉంటుంది: "100 దాకా" అంటే నూరు కింద ధరకే, "100 లోపు" అంటే అడిగి తెలుసుకోవాల.

అక్క ఆ రోజు కాగితం మడిచి పట్టుకొని, "అట్లయితే నా మీటరు మంచిదే, నా గీతే మంచిది కాదు" అనింది. ఆ నెల నుంచి ఆమె ఒక పని పెట్టుకునింది. రీడింగు తీసిన రోజు అంకెను క్యాలెండరు మీద రాస్తుంది. ఇరవై అయిదో రోజు మళ్ళీ మీటరులో kWh అని ఉండే అంకె చూసి, దానిలోంచి మొదటిది తీసేస్తుంది. ఇప్పుడు ఆమె చూసే గీత 200. అంకె 165 దాటి ఉంటే ఆ అయిదు రోజులు గీజరు బందు, కట్టెల పొయ్యి మీద నీళ్ళు. తక్కువ ఉంటే నిశ్చింత. ఆమె ఇంటికి రోజుకు ఆరు, ఏడు యూనిట్లు పోతాయి కాబట్టి 165 అని పెట్టుకునింది. మీ ఇంటికి రోజుకెన్ని పోతాయో చూసి, అయిదు రోజులవి 200లోంచి తీసేసి మీ అంకె మీరు పెట్టుకోండి.